ముక్కలు ముక్కలుగా రాసే పిల్లలకి వాక్యాలు కలపడం నేర్పుదామా?

మీ పిల్లల తెలుగు నోట్సు ఈ మధ్య ఎప్పుడైనా తీసి చూశారా? వ్యాసం రాయమంటే, 'మాకు ఆవు ఉంది. ఆవు తెల్లగా ఉంది. ఆవు పాలిస్తుంది. నాకు పాలు ఇష్టం' అని రాసి పెన్ను మూసేస్తారు. తప్పులేమీ ఉండవు. అక్షరాలు కూడా గుండ్రంగానే ఉంటాయి. కానీ చదువుతుంటే గతుకుల రోడ్డు మీద రిక్షా ఎక్కినట్టుంటుంది. టీచరు ఎర్ర పెన్నుతో 'వాక్య నిర్మాణం బాగాలేదు' అని రాస్తారు గానీ, అదెలా బాగుచెయ్యాలో అక్కడ రాసి ఉండదు కదా!

పోయిన ఏడాది సంక్రాంతికి ముందు ధూల్‌పేటలో మా దూరపు చుట్టం ఒకావిడ ఇంటికి వెళ్ళాను. ధూల్‌పేట సంగతి మీకు తెలిసిందేగా. వినాయక చవితి ముందు వీధినిండా బొమ్మలు, సంక్రాంతి ముందు గుమ్మం గుమ్మానికీ పతంగులు. వాళ్ళింట్లోనూ అదే పని. అత్తగారు పుల్లలు వంచుతుంటే ఏడో తరగతి చదివే మనవడు ఒక మూల మొహం ముడుచుకుని కూర్చున్నాడు. 'మా ఇంట్లో పని' అని వ్యాసం రాస్తే పదికి మూడు వచ్చాయట. "మళ్ళీ రాసుకు రమ్మన్నరు వదినా, నేను పదో తరగతితో ఆగిపోయిన, నాకేమొస్తది వీనికి చెప్పనీకి" అంది వాళ్ళమ్మ. ఆవిడకి చాలానే వచ్చు. అదెలాగో చెబుతాను.

వాడు రాసింది ఇది:

'మా నాయనమ్మ పతంగులు చేస్తుంది. ఆమె ధూల్‌పేటలో ఉంటుంది. ఆమె రంగు కాగితం కత్తిరిస్తుంది. ఆమె నిలువుగా పుల్ల అంటిస్తుంది. ఆమె రెండో పుల్ల వంచుతుంది. ఆ పుల్ల ఒక్కోసారి విరుగుతుంది. నాయనమ్మ కోప్పడదు. ఆమె ఇంకో పుల్ల తీసుకుంటుంది. జిగురు ఆరుతుంది. నేను పతంగులు లెక్కపెడతాను. నాన్న వాటిని దుకాణానికి తీసుకుపోతాడు.'

చూశారా, విషయానికి కొదవేం లేదు. పుల్ల విరిగినా నాయనమ్మ కోప్పడదన్న మాట ఎంత బాగుంది! ఆ మాట మిగతా వాటి మధ్య కనపడకుండా పోయింది, అంతే.

ఇప్పుడు మన పత్రికలోనే వంటల పేజీ తీయండి. 'పప్పు కడిగి, నానబెట్టి, మెత్తగా రుబ్బి, ఉప్పు కలపండి' అని ఉంటుంది. నాలుగు పనులు, ఒక్క వాక్యం. ఎవరూ 'పప్పు కడగండి. పప్పు నానబెట్టండి. పప్పు రుబ్బండి' అని రాయరు. అదే పేజీలో కాస్త కిందకి రండి. 'నూనె కాగాక ఆవాలు వేయండి, అవి చిటపటలాడగానే కరివేపాకు వేయండి' అని ఉంటుంది. ఇక్కడ 'నూనె కాగి ఆవాలు వేయండి' అని ఎందుకు రాయలేదు? ఎందుకంటే కాగేది నూనె, వేసేది మీరు. కడిగేది, నానబెట్టేది, రుబ్బేది మాత్రం మీరే. పని చేసేవారు ఒకరే అయితే 'కడిగి, రుబ్బి' అని కలపొచ్చు. చేసేవారు మారితే 'కాగాక, కాగితే, కాగగానే' లాంటివి కావాలి. ఈ తేడా మన చేతికి తెలుసు, చెప్పమంటేనే తడబడతాం. 'వర్షాలు కురిసి పంటలు పండాయి' లాంటి వాక్యాలు కొన్ని ఉన్నాయనుకోండి, అక్కడ చేసేవారు మారినా, మొదటిది రెండోదానికి కారణం కాబట్టి చెల్లుతుంది. పిల్లలకి మాత్రం ముందు మామూలు పద్ధతే అలవాటు చెయ్యండి.

ఇలా కలిపించడాన్ని రాత నేర్పే పద్ధతిగా పరీక్షించి చూసినవాళ్ళున్నారు. 1973లో అమెరికాలో ఫ్రాంక్ ఓహేర్ అనే ఆయన, ఫ్లోరిడాలో ఏడో తరగతి పిల్లలకి వ్యాకరణం పేర్లేవీ చెప్పకుండా, చిన్న వాక్యాలు ఇచ్చి కలపమంటూ సాధన చేయించి, ఫలితాలు పుస్తకంగా వేశాడు. మామూలు పాఠాలు విన్న పిల్లల కంటే వీళ్ళ రాత మెరుగైందని టీచర్లే తేల్చారు. 2007లో స్టీవ్ గ్రాహం, డొలోరెస్ పెరిన్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పోల్చి చూసినప్పుడు కూడా ఈ పద్ధతి పనికొస్తుందనే తేలింది. విడిగా వ్యాకరణ పాఠం చెప్పడం మాత్రం రాతకి ఉపయోగపడినట్టు కనపడలేదు. మన హైస్కూలు తెలుగులోనూ సంక్లిష్ట వాక్యం, సంయుక్త వాక్యం ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. కానీ అక్కడ రెండే వాక్యాలిచ్చి ఒకే జవాబు అడుగుతారు. మార్కు వస్తుంది, వ్యాసం దగ్గరికొచ్చేసరికి మళ్ళీ ఆవు తెల్లగానే ఉంటుంది.

సరే, ఆ పిల్లాడి సంగతికి వద్దాం. ముందు పెన్ను పక్కన పెట్టించాను. నోటితోనే కలపాలి. మొదటి రెండు వాక్యాలు చదివి, 'ఉండే' అన్న మాట వాడి ఒకటిగా చెప్పరా అన్నాను. "ధూల్‌పేటలో ఉండే మా నాయనమ్మ పతంగులు చేస్తుంది" అన్నాడు. ఇప్పుడు 'చేసే' అన్న మాటతో చెప్పు అన్నాను. "పతంగులు చేసే మా నాయనమ్మ ధూల్‌పేటలో ఉంటుంది." రెండూ ఒప్పే. మరి ఏది రాయాలి? తెలుగులో కొత్త కబురు వాక్యం చివరికి వస్తుంది. వ్యాసం పని గురించి కాబట్టి 'పతంగులు చేస్తుంది' చివర ఉండాలి. ఊరి గురించి అయితే రెండోది. ఇలా రెండు రకాలుగా చెప్పించి ఒకటి ఎంచుకోమనడమే ఇందులో అసలు పని. ఒక్క రకంతో వదిలేస్తే లెక్క చేసినట్టే ఉంటుంది.

తర్వాతి మూడూ వాడే కలిపేశాడు. "రంగు కాగితం కత్తిరించి, నిలువుగా ఒక పుల్ల అంటించి, రెండో పుల్లను విల్లులా వంచుతుంది." 'విల్లులా' అన్నది వాడు సొంతంగా చేర్చిందే. మూడుసార్లు వచ్చిన 'ఆమె' మాయమైపోయింది, గమనించారా? తెలుగులో అసలది అక్కర్లేదు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఊపు మీదున్నాడేమో, "పుల్ల విరిగి నాయనమ్మ ఇంకోటి తీసుకుంటుంది" అన్నాడు. తప్పు అనలేదు నేను. "విరిగేది ఎవరు, తీసుకునేది ఎవరు?" అని అడిగాను. పక్కనే ఉన్న వాళ్ళమ్మ టక్కున, "నూనె కాగినంక పోపు ఏస్తం గదరా, గట్ల" అంది. చూశారా ఆవిడకేం వచ్చో! వాడు 'విరిగితే' అని దిద్దుకున్నాడు. మరి 'కోప్పడదు' సంగతి? "విరిగితే కోప్పడదు" అని వాడే అని, వాడే నవ్వాడు. విరగకపోతే కోప్పడుతుందన్నట్టు ఉంది మరి! అక్కడికి 'విరిగినా' కావాలి. అనుకున్నది జరిగితే 'తే', అనుకున్నదానికి ఎదురు జరిగితే 'నా'. ఒక్క అక్షరంలో నాయనమ్మ స్వభావం అంతా ఉంది.

ధూల్‌పేట పిల్లాడు కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ గల్లీల్లో తెలుగుతో పాటు హిందీ, దక్కనీ కూడా వినపడతాయి. ఇంట్లో ఒక మాట, బళ్ళో ఒక మాట అయ్యేసరికి తెలుగు రాదేమో అని తల్లులు బెంగపడతారు. కానీ దక్కనీలో 'ఖా కో గయా' అంటారు, అది మన 'తిని వెళ్ళాడు'. 'ఆతూఁ బోల్కే బోలా' అంటారు, అది అచ్చంగా మన 'వస్తానని చెప్పాడు'. వాక్యాలు కలిపే పద్ధతి వాడి నోట్లో ముందే ఉంది. కాగితం మీదే అది భయపడి ఆగిపోయింది.

చివరి మూడు వాక్యాల దగ్గర వాడు ఇంకో తప్పు చేశాడు. ఇది అందరు పిల్లలూ చేసేదే. కలపడం వచ్చాక ఇక ఆగరు. "జిగురు ఆరాక నేను లెక్కపెట్టిన పతంగుల్ని కట్టలు కట్టి నాన్న దుకాణానికి తీసుకుపోతాడు" అన్నాడు. కట్టలు కట్టింది ఎవరు, వాడా, నాన్నా? జిగురు ఆరాక జరిగింది లెక్కపెట్టడమా, తీసుకుపోవడమా? ఇలాంటప్పుడు గట్టిగా చదివించండి. ఊపిరి చాలకపోయినా, వింటున్నవాళ్ళు 'ఎవరు?' అని అడిగినా, ఆ వాక్యాన్ని మళ్ళీ విడగొట్టాలి. విడగొట్టడం కూడా ఈ సాధనలో భాగమే. వాక్యం పొడుగైతే మంచిదని ఎవరూ చెప్పలేదు.

చివరికి వాడు రాసుకున్నది ఇది:

'ధూల్‌పేటలో ఉండే మా నాయనమ్మ పతంగులు చేస్తుంది. రంగు కాగితం కత్తిరించి, నిలువుగా ఒక పుల్ల అంటించి, రెండో పుల్లను విల్లులా వంచుతుంది. వంచేటప్పుడు పుల్ల ఒక్కోసారి విరుగుతుంది. విరిగినా నాయనమ్మ కోప్పడదు. ఇంకోటి తీసుకుంటుంది. జిగురు ఆరాక నేను పతంగులు లెక్కపెడితే, నాన్న వాటిని దుకాణానికి తీసుకుపోతాడు.'

మధ్యలో ఆ రెండు చిన్న వాక్యాల్నీ కలపకుండా వదిలేశాడు చూడండి. నేను చెప్పలేదు. పొడుగు వాక్యం తర్వాత వచ్చేసరికి అవి ఇప్పుడు చెవికి తగులుతున్నాయి. ముందు అన్నీ చిన్నవే కావడంతో ఏదీ తగల్లేదు.

మీరు మొదలుపెట్టేటప్పుడు ఒక వ్యాసమంతా ముందేసుకోకండి. వారానికి మూడు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు పెట్టుకోండి. మొదట్లో రెండేసి వాక్యాలు ఇచ్చి, ఏ మాటతో కలపాలో మీరే చెప్పండి: 'ఆక', 'తే', 'నా', 'కుండా', 'తూ', ఇలా ఒక్కో రోజు ఒక్కోటి. అవి అలవాటయ్యాక మాట చెప్పడం మానేసి, ఐదారు వాక్యాలిచ్చి రెండు రకాలుగా కలపమనండి. ఆ తర్వాతే వాడి సొంత నోట్సు తీయించండి. ఈ చివరిది మానేస్తే మీరిచ్చినవి చక్కగా కలుపుతాడు, సొంతంగా రాసేటప్పుడు మళ్ళీ పాత దారే పడతాడు. ఇంకొకటి, ఒత్తులు, దీర్ఘాల తప్పులు దీనివల్ల పోవు. రాయడానికి విషయమే లేని పిల్లకి ఇది విషయం ఇవ్వదు. దానికి కబుర్లు చెప్పించాలి.

ఆ రోజు వాడు రాసింది నాయనమ్మకి చదివి వినిపించాడు. ఆవిడకి చదువు రాదు. పుల్ల వంచుతూనే విని, "కోప్పడనా నేను? ఎన్నిసార్లు తిట్టిన్నో రాయలే?" అంది. వాడు వెంటనే పెన్ను తీసి, 'మొదటిసారి విరిగితే' అని రాసుకున్నాడు.

ఈ ఆదివారం మీ పిల్లలకి ఇవి ఇచ్చి చూడండి. 'అమ్మమ్మ ఊరి నుంచి వచ్చింది. ఆమె సంచీ తెచ్చింది. సంచీలో జామకాయలు ఉన్నాయి. తమ్ముడు నిద్రపోతున్నాడు. మేము చప్పుడు చేయలేదు. మేము జామకాయలు తిన్నాం. తమ్ముడు లేచాడు. ఒక్క కాయే మిగిలింది.' కనీసం రెండు రకాలుగా కలపమనండి, ఒకటి అమ్మమ్మ కథ కావాలి, ఇంకొకటి తమ్ముడి కథ.