ముందు గొంతు, తర్వాతే క్లిప్పులు

వీడియో రెజ్యూమే అంటే ఉద్యోగానికో, కోర్సులో సీటుకో దరఖాస్తు చేసేవారు తమ గురించి తామే చెప్పుకునే నిమిషం, నిమిషంన్నర వీడియో. ఫోన్లో ఉన్న క్లిప్పులన్నీ వరసగా అతికించి కింద పాట పెడితే అది పెళ్లి వీడియోలా తయారవుతుంది. ఆ మనిషికి ఏ పని వచ్చో చూసేవారికి తెలియదు. అందుకే ముందుగా సిద్ధం కావలసింది మాట.

ప్రైవేటు స్కూల్లో సైన్స్ టీచర్ పోస్టుకు దరఖాస్తు పెట్టే బీఈడీ అభ్యర్థినికి మూడు విషయాలు చాలు: తానెవరు, ఒక పాఠం ఎలా చెప్పింది, ఈ స్కూల్లో ఏం చేయాలనుకుంటోంది. రాసుకున్నది పైకి చదివి, 90 సెకన్లు దాటితే కోసేయాలి. రికార్డు చేసేటప్పుడు ఫోను అడ్డంగా, కళ్ల ఎత్తులో ఉండాలి. కిటికీ వెలుగు ముఖం మీద పడాలి. ఫ్యాన్ ఆపాలి. ఖాళీ టైల్స్ గదిలో గొంతు మోగుతుంది కాబట్టి మంచం, కర్టెన్లు ఉన్న గది మేలు.

ఎడిటింగ్ యాప్‌లో ఈ రికార్డింగును మొదట పరిచి, దాని మీద క్లిప్పులు వేయాలి. తొలి పది సెకన్లు ముఖమే కనిపించాలి. ఆమె పాఠం సంగతి ఎత్తుకోగానే టీచింగ్ ప్రాక్టీస్ నాటి క్లిప్పు రావాలి. నీలి లిట్మస్ కాగితం మీద నిమ్మరసం చుక్క వేసే ముందు, “ఏ రంగు వస్తుంది?” అని అడిగి ఆమె పిల్లల జవాబు కోసం ఆగింది. ఆ ఆగిన రెండు సెకన్లే వీడియో మొత్తానికి ప్రాణం. చాలామంది అది వృథా అనుకుని కత్తిరించేస్తారు. అక్కడ ఆమె వివరణ ఆపి, క్లాసు శబ్దాన్నే విననివ్వాలి. కాగితం ఎర్రబడ్డాక మళ్లీ ఆమె గొంతు అందుకోవచ్చు. వార్షికోత్సవంలో యాంకరింగ్ చేసిన క్లిప్పు ఎంత అందంగా ఉన్నా ఈ పోస్టుకు పనికిరాదు. పిల్లల ముఖాలు చూపాలంటే స్కూలు, తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. లేకపోతే వెనక నుంచి తీసిన భాగమే వాడాలి.

పాత క్లిప్పులతో చిక్కులూ ఉంటాయి. నిలువుగా తీసినది అడ్డం ఫ్రేములో మూడో వంతు కూడా నిండదు. వాట్సాప్‌లో వీడియోగా వచ్చింది మసకబారి ఉంటుంది. తీసినవారిని డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనాలి. ఫోన్లు సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్య మారుతూ ఉండటం వల్ల కొన్ని యాప్‌లలో పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది. అది చివరికొచ్చేసరికి బయటపడుతుంది కాబట్టి ఆఖరి పది సెకన్లు తప్పకుండా చూడాలి. క్లిప్పును ముందే 30 ఫ్రేములకు స్థిరంగా మార్చుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

1080p ఎంపీ4గా, సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున తీస్తే 90 సెకన్ల వీడియో సుమారు 90 ఎంబీ అవుతుంది. జీమెయిల్ అటాచ్‌మెంట్ పరిమితి 25 ఎంబీయే, అందువల్ల లింకు పంపడం నయం. యూట్యూబ్‌లో అయితే Private కాదు, Unlisted పెట్టాలి. డ్రైవ్‌లో అయితే Anyone with the link ఎంచుకోవాలి. పంపే ముందు ఆ లింకును వేరొకరి ఫోన్లో తెరిచి చూస్తే, స్కూలు వారికి వీడియో కనిపిస్తుందో, అనుమతి అడిగే పేజీ వస్తుందో తేలిపోతుంది.