ఫోటోను యాభై కేబీల్లోకి తేవడం ఎలా?

బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ తన ప్రకటనల్లో ఫోటోకు రెండు కొలతలు ఇస్తుంది. ఒకటి ఫైల్ బరువు: 20 కేబీకి తగ్గకూడదు, 50 కేబీని మించకూడదు. రెండోది బొమ్మ కొలత: వెడల్పు 200, ఎత్తు 230 పిక్సెళ్లు ఉంటే మేలు. ఫోన్‌లో తీసిన ఫోటో మామూలుగా మూడు, నాలుగు ఎంబీలు ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి ‘క్వాలిటీ’ మాత్రం తగ్గించుకుంటూ పోతే యాభై కేబీలకు చేరేసరికి ముఖం గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. ఇలా జరగడానికి కారణం జేపెగ్ పనిచేసే తీరులోనే ఉంది.

జేపెగ్ పద్ధతి బొమ్మను ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు, ఎనిమిది పిక్సెళ్ల ఎత్తు ఉన్న చిన్న గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో 64 పిక్సెళ్లు. ఆ గడిలో వెలుగు నెమ్మదిగా మారే భాగాన్నీ, వెంట్రుకల అంచుల్లా గబగబా మారే భాగాన్నీ వేరుచేసి, కంటికి అంతగా ఆనని సన్నటి మార్పులను ముందుగా వదిలేస్తుంది. క్వాలిటీ అంకె తగ్గేకొద్దీ వదిలేసేది పెరుగుతుంది. మరీ తగ్గిస్తే గడి మొత్తానికి ఇంచుమించు ఒకే రంగు మిగులుతుంది. చెంప మీదా, వెనుక గోడ మీదా కనిపించే చదరాలు అవే.

కాబట్టి 50 కేబీ అంటే గళ్లన్నిటికీ పంచాల్సిన 51,200 బైట్ల బడ్జెట్. 2000 × 2300 పిక్సెళ్ల బొమ్మలో 46 లక్షల పిక్సెళ్లు, అంటే దాదాపు 72 వేల గళ్లు ఉంటాయి. ఒక్కో గడికి ఒక బైటు కూడా రాదు. అదే బొమ్మను 400 × 460కి కుదిస్తే గడికి సుమారు 18 బైట్లు వస్తాయి. ముఖం చక్కగా కనబడటానికి అది సరిపోతుంది. 200 × 230కి దించితే గడికి 71 బైట్లు దక్కుతాయి. కుదింపు లేకుండా దాచినా గడికి పట్టేది 192 బైట్లే కాబట్టి, ఇది పుష్కలమే. అందుకే ముందు పిక్సెళ్లు తగ్గించాలి, క్వాలిటీ జోలికి ఆ తర్వాతే వెళ్లాలి.

పిక్సెళ్లు తగ్గితే నాణ్యత తగ్గదా అన్న సందేహం సహజం. దరఖాస్తు ఫోటో తెర మీదా, హాల్ టికెట్ మీదా చిన్న చదరంగానే కనిపిస్తుంది. అంత చోటులో 46 లక్షల పిక్సెళ్లు ఉన్నా కంటికి ఆనవు. అవసరం లేని వివరాన్ని ముందే వదులుకుంటే, కనిపించే వివరానికి బైట్లు మిగులుతాయి.

పనికి ఫోన్‌లోని అసలు ఫోటోనే తీసుకోవాలి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది దారిలోనే మరోసారి కుదించుకుపోతుంది. కంప్యూటర్‌కు పంపాలంటే కేబుల్ వాడాలి, లేదా వాట్సాప్‌లోనే ‘డాక్యుమెంట్’గా పంపాలి. ఫోటో తీసేటప్పుడే బైట్లు ఆదా అవుతాయి. నునుపైన లేతరంగు గోడ ముందు, పగటి వెలుతురులో తీసిన బొమ్మకు తక్కువ బైట్లు చాలు. మసక వెలుతురులో కెమెరా పుట్టించే చుక్కలు చుక్కలుగా ఉండే నలతను జేపెగ్ నిజమైన వివరంగానే లెక్కగట్టి, ముఖానికి దక్కాల్సిన బైట్లను దానికి ఖర్చుచేస్తుంది.

ఉచితంగా దొరికే జింప్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పని వరుస ఇలా ఉంటుంది. నిలువుగా తీసిన 3000 × 4000 పిక్సెళ్ల ఫోటో ఉందనుకుందాం. ముందుగా క్రాప్ పనిముట్టులో నిష్పత్తిని 20:23గా బిగించి, తల, భుజాలు వచ్చేలా 2000 × 2300 ముక్కను కత్తిరించాలి. నిష్పత్తి బిగించకుండా తర్వాత అంకెలు మార్చితే ముఖం సాగిపోతుంది, లేదా నొక్కుకుపోతుంది. తర్వాత Image మెనూలోని Scale Imageలో వెడల్పు 400, ఎత్తు 460 ఇవ్వాలి. కుదించినప్పుడు బొమ్మ కాస్త మెత్తబడుతుంది కాబట్టి స్వల్పంగా షార్పెన్ చేయవచ్చు. మోతాదు మించితే జుట్టు చుట్టూ తెల్లటి అంచు తేలడమే కాక ఫైల్ బరువూ పెరుగుతుంది.

చివరి మెట్టు Export As. పేరు చివర .jpg అని ఇస్తే క్వాలిటీ పట్టీ ఉన్న చిన్న కిటికీ తెరుచుకుంటుంది. Show preview in image windowకు టిక్ పెడితే పట్టీని జరిపినప్పుడల్లా ఫైల్ ఎంత అవుతుందో అక్కడే కనిపిస్తుంది. 90 దగ్గర మొదలుపెట్టి, బరువు 45 కేబీ చుట్టుపక్కలకు వచ్చేదాకా మెల్లగా జరపాలి. సరిగ్గా 50 దగ్గర ఆపకూడదు. కేబీ అంటే కొన్ని చోట్ల 1,024 బైట్లు, కొన్ని చోట్ల 1,000 బైట్లు. ఆ తేడాతోనే ఫైలు తిరస్కరణకు గురికావచ్చు. కెమెరా వివరాలు, లోపల దాగే చిన్న నమూనా బొమ్మ వంటివాటికి టిక్ తీసేయాలి. మూడు ఎంబీల ఫైల్లో అవి లెక్కలోకి రావు గానీ, యాభై కేబీల్లో గణనీయమైన చోటు తినేస్తాయి. బరువు సరిపోలేదని సేవ్ చేసిన జేపెగ్‌నే తెరిచి మళ్లీ సేవ్ చేయకూడదు. సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది కాబట్టి మళ్లీ అసలు ఫోటో నుంచే మొదలుపెట్టాలి.

ప్రకటన 200 × 230నే ఖచ్చితంగా అడిగితే చిక్కు ఎదురుదిక్కు నుంచి వస్తుంది. అంత చిన్న బొమ్మ 85 క్వాలిటీలో తరచూ 20 కేబీ కంటే తక్కువకు పడిపోతుంది. అప్పుడు క్వాలిటీని 95 పైకి తీసుకెళ్లాలి. రంగు సమాచారాన్ని తగ్గించే Subsampling అమరికను కూడా 4:4:4కి మార్చాలి. మామూలుగా జేపెగ్ నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు విలువ దాస్తుంది. ఈ అమరికలో ప్రతి పిక్సెల్‌కూ విడిగా దాస్తుంది కాబట్టి బరువు పెరుగుతుంది, అంచుల్లో రంగు కూడా శుభ్రంగా నిలుస్తుంది. 140 × 60 పిక్సెళ్లు సూచించి 10 నుంచి 20 కేబీ అడిగే సంతకం ఫైలుకు ఇదే ఇబ్బంది ఇంకా ఎక్కువ. అందులో ఉండేది ఎక్కువగా ఖాళీ తెల్ల కాగితమే. కొలత ‘ఉంటే మేలు’ అన్న స్థాయిలోనే ఉంటే అదే నిష్పత్తిలో 280 × 120కో, ఇంకా పైకో పెంచుకోవచ్చు.

రిజల్యూషన్ గడిలోని డీపీఐ అంకెను మార్చినంత మాత్రాన బరువు తగ్గదు. ఆ అంకె ప్రింటింగ్‌కు ఇచ్చే సూచన మాత్రమే, పిక్సెళ్లు అలాగే ఉంటాయి. అలాగే ఐఫోన్ ఇచ్చే .heic ఫైలు పేరు చివర .jpg అని మార్చినంతలో అది జేపెగ్ అయిపోదు. ఎక్స్‌పోర్ట్ చేస్తేనే మారుతుంది.

అప్‌లోడ్‌కు ముందు ఫైలును నూటికి నూరు శాతం జూమ్‌లో తెరిచి మూడు చోట్లు చూడాలి: చెంప మీద చదరాలు, జుట్టు అంచున మసక చారలు, గోడ మీద రంగు మెట్లు. ఇవి కనిపిస్తే క్వాలిటీ అంకెను మళ్లీ పెంచి, అది పట్టేలా పిక్సెళ్లను మరికొంత కుదించాలి. విండోస్‌లో బరువు చూసేటప్పుడు Propertiesలోని Size అంకెనే నమ్మాలి. దాని కింద ఉండే Size on disk డిస్కులో ఆక్రమించిన చోటు మాత్రమే. ఫారం లెక్కగట్టేది మొదటి అంకెనే.