అప్పు వడ్డీ దగ్గర విరిగే గీత

బ్యాంకులో డిపాజిట్ వేసే మనిషికి వచ్చే వడ్డీ ఆరేడు శాతం. అదే మనిషి షేర్లు కొనడానికి బ్రోకరు దగ్గర మార్జిన్ మీద డబ్బు తీసుకుంటే కట్టాల్సిన వడ్డీ తరచూ పది శాతం దాటుతుంది. ఇచ్చినప్పుడు ఒక రేటు, పుచ్చుకున్నప్పుడు ఇంకో రేటు అన్న సంగతి చిన్న వ్యాపారికి కూడా తెలుసు. కానీ ఏ ఆస్తిలో ఎంత పెట్టాలో లెక్కగట్టి చెప్పే పోర్ట్‌ఫోలియో సిద్ధాంతం తొలి పాఠంలో ఈ తేడా కనిపించదు. ఎంత కావాలంటే అంత, ఒకే వడ్డీకి ఇవ్వవచ్చు, తెచ్చుకోవచ్చు అన్న ఊహ మీద ఆ పాఠం నడుస్తుంది. ఆ ఊహ తీసేస్తే మదుపరి చేతిలో ఉండాల్సిన ఆస్తుల పాళ్లే మారిపోతాయి.

ఈ లెక్కకు పునాది వేసింది హ్యారీ మార్కోవిట్జ్. 1952లో ఆయన రాసిన వ్యాసం ప్రకారం ప్రతి పోర్ట్‌ఫోలియోకూ రెండు కొలతలు ఉంటాయి. ఒకటి సగటున ఆశించే రాబడి, రెండోది ఆ సగటుకు అటూ ఇటూ ఉండే ఊగిసలాట. ఈ రెండోదాన్నే రిస్క్ అంటారు. ఒక్కో రిస్క్ స్థాయికి దొరికే అత్యధిక రాబడిని చుక్కలుగా పెట్టి కలిపితే వచ్చే వంపు గీతే ఎఫిషియంట్ ఫ్రాంటియర్. 1958లో జేమ్స్ టోబిన్ దీనికి రిస్క్ లేని వడ్డీని జోడించారు. అప్పుడు వంపు గీత స్థానంలో ఒక తిన్నని గీత వస్తుంది. భయస్తుడైనా సాహసి అయినా కొనాల్సిన రిస్క్ ఆస్తుల పాళ్లు ఒకటే. మొదటివాడు కొంత డబ్బు డిపాజిట్‌లో ఉంచుకుంటాడు, రెండోవాడు అప్పు తెచ్చి అదే మిశ్రమాన్ని ఇంకా ఎక్కువ కొంటాడు, అంతే తేడా.

అంకెలతో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. లెక్క సులువుగా ఉండటానికి ఎంచుకున్న ఊహా అంకెలివి. ఒక మదుపరి దగ్గర 10 లక్షలు ఉన్నాయి. ముందు రెండు ఫండ్లు. బంగారం ఫండ్ మీద ఏడాదికి 9 శాతం రాబడి ఆశించవచ్చు, ఊగిసలాట 10 శాతం. షేర్ల ఫండ్ మీద 14 శాతం, ఊగిసలాట 20 శాతం. అంటే షేర్ల ఫండ్ రాబడి ఇంచుమించు మూడేళ్లలో రెండేళ్లు మైనస్ 6కీ 34కీ మధ్య ఉంటుంది. బంగారానికీ షేర్లకూ సంబంధం లేదని, ఒకటి పెరిగితే రెండోది పెరగాలనో తగ్గాలనో లేదని అనుకుందాం. డిపాజిట్ వడ్డీ 6 శాతం.

ఈ పరిస్థితిలో ఒక్కో ఆస్తికి ఎంత వాటా ఇవ్వాలో చెప్పే సూత్రం చిన్నదే. రాబడిలోంచి వడ్డీని తీసేసి, మిగిలినదాన్ని ఊగిసలాట వర్గంతో భాగించాలి. బంగారానికి 9లోంచి 6 పోతే 3, దాన్ని 100తో భాగిస్తే 0.03. షేర్లకు 14లోంచి 6 పోతే 8, దాన్ని 400తో భాగిస్తే 0.02. నిష్పత్తి 60:40. ఈ మిశ్రమం రాబడి 11 శాతం, రిస్క్ 10 శాతం. రెండింట్లో తక్కువ ఊగే బంగారానికి ఉన్నంత రిస్కే దీనికీ ఉంది, రాబడి మాత్రం రెండు శాతం ఎక్కువ.

ఇప్పుడు ఈ మదుపరి 20 శాతం రిస్క్‌కు సిద్ధమనుకుందాం. తొలి పాఠం ప్రకారం అతను 6 శాతానికే మరో 10 లక్షలు అప్పు తెచ్చి, మొత్తం 20 లక్షల్లో 12 లక్షలు బంగారంలో, 8 లక్షలు షేర్లలో పెట్టాలి. సగటున 2.2 లక్షలు వస్తాయి, 60 వేలు వడ్డీ పోతే 1.6 లక్షలు మిగులుతాయి. బంగారం ముట్టకుండా సొంత 10 లక్షలూ షేర్లలో పెట్టినా రిస్క్ 20 శాతమే, కానీ వచ్చేది 1.4 లక్షలు. కాబట్టి అప్పే మేలు.

కానీ అప్పు 6 శాతానికి దొరకదు. 12 శాతానికి దొరికిందనుకుంటే వడ్డీ 1.2 లక్షలు, మిగిలేది లక్ష. పైసా అప్పు చేయకుండా 60:40 మిశ్రమంలోనే ఉండిపోతే వచ్చే 1.1 లక్షల కన్నా ఇది తక్కువ, పైగా రిస్క్ రెట్టింపు. మిశ్రమం సంపాదించేది 11 శాతమైతే దానికోసం 12 శాతం కట్టడమేమిటన్నది ఎవరికైనా తట్టే ప్రశ్న.

అప్పు వడ్డీని మెల్లగా పెంచుతూ పోతే అసలు సంగతి బయటపడుతుంది. అప్పు చేసేవాడు పై సూత్రంలో డిపాజిట్ వడ్డీ బదులు అప్పు వడ్డీ వేయాలి. 8 శాతమైతే బంగారానికి 0.01, షేర్లకు 0.015 వస్తాయి. 60:40 కాస్తా తిరగబడి 40:60 అవుతుంది. అంటే అప్పు చేసేవాడూ డిపాజిట్ వేసేవాడూ ఇక ఒకే మిశ్రమం కొనకూడదు. ఈ రెంటికీ నడిమి స్థాయి రిస్క్ కోరేవాళ్లు డిపాజిట్ వేయరు, అప్పూ చేయరు. పాళ్లు మార్చుకుంటూ పాత వంపు గీత మీదే ఉండిపోతారు. తిన్నని గీత మూడు ముక్కలైంది. డిపాజిట్ ముక్క, వంపు ముక్క, అప్పు ముక్క. ఇలా రెండు రేట్లున్న మార్కెట్ మొత్తం ఎలా ఉంటుందో 1971లో మైకేల్ బ్రెన్నన్ విశ్లేషించారు. మరుసటి ఏడాది ఫిషర్ బ్లాక్ అప్పే దొరకని స్థితిని పరిశీలించారు. అప్పు తేలేనివాళ్లు ఎక్కువ రాబడి కోసం ఎక్కువగా ఊగే షేర్ల మీద పడతారు. దాంతో వాటి ధర పెరిగి, వాటి మీద ముందుముందు వచ్చే రాబడి సిద్ధాంతం చెప్పినంత ఉండదు.

వడ్డీ 9 శాతానికి చేరితే బంగారం వాటా సున్నా. 9 దాటితే సూత్రం మైనస్ గుర్తు చూపిస్తుంది. బంగారాన్ని షార్ట్ చేయమని, అంటే తన దగ్గర లేనిదాన్ని ఎరువు తెచ్చి అమ్మి ఆ డబ్బుతో షేర్లు కొనమని దాని సలహా. ఇది వింతగా కనిపించినా లెక్క సరిగ్గానే ఉంది. బ్యాంకు 12 శాతం అడుగుతుంటే, బంగారం అమ్మి తెచ్చుకున్న డబ్బు మీద సగటున పడే భారం 9 శాతమే. షార్ట్ సెల్లింగ్ కూడా ఒక రకం అప్పే, కాకపోతే దాని వడ్డీ ఏడాదికోలా ఊగుతుంది.

షార్ట్ కుదిరితే 5 లక్షల బంగారం అలా అమ్మి, మొత్తం 15 లక్షలు షేర్లలో పెట్టవచ్చు. 2.1 లక్షల రాబడిలో బంగారం తాలూకు 45 వేలు పోతే 1.65 లక్షలు మిగులుతాయి, రిస్క్ 30 శాతం పైచిలుకు. అదే 5 లక్షలు 12 శాతానికి అప్పు తెస్తే మిగిలేది 1.5 లక్షలు, రిస్క్ 30 శాతం. షార్ట్‌కు దారి మూసేస్తే ఆ 15 వేల తేడా పోతుంది.

వాస్తవంలో ఆ దారి చాలా మందికి మూసే ఉంటుంది. మన దేశంలో సాధారణ మదుపరి క్యాష్ మార్కెట్‌లో లేని షేర్లు అమ్మితే ఆ రోజే తిరిగి కొనేయాలి, లేకపోతే ఎక్స్చేంజి వేలంలో కొని ఇస్తుంది, నష్టం అమ్మినవాడిదే. రోజు దాటి నిలవాలంటే కొన్ని షేర్లకే ఉన్న ఫ్యూచర్స్, లేదా 2008 ఏప్రిల్‌లో మొదలైన షేర్ల ఎరువు వ్యవస్థ దిక్కు. అమ్మగా వచ్చిన డబ్బు కూడా సిద్ధాంతం అనుకున్నట్టు చేతికి రాదు, పైగా మార్జిన్ కట్టాలి. మ్యూచువల్ ఫండ్లకు అప్పు దారి కూడా ఇరుకే. సెబీ నిబంధనల ప్రకారం అవి నికర ఆస్తుల్లో 20 శాతానికి మించి అప్పు తేకూడదు. అదీ ఆరు నెలలకు మించకుండా, యూనిట్లు వెనక్కిచ్చేవాళ్లకు చెల్లించడం లాంటి తాత్కాలిక అవసరాలకే.

రెండు దారులూ ఇలా ఇరుకైనప్పుడు మన ఉదాహరణలో ఫ్రాంటియర్ ఎలా ఉంటుందో చూద్దాం. మొదటి ముక్క 6 శాతం డిపాజిట్ నుంచి 60:40 మిశ్రమం దాకా తిన్నగా వెళ్తుంది. ఇక్కడ రిస్క్ సున్నా నుంచి 10 శాతానికి పెరిగితే రాబడి 5 శాతం పెరుగుతుంది. రెండో ముక్క వంపు గీత, పూర్తి షేర్ల దాకా వెళ్తుంది. మరో 10 శాతం రిస్క్‌కు వచ్చేది 3 శాతం. షార్ట్ ఉంటే ఈ వంపు ఆపైకి సాగిపోయేది. అది లేదు కాబట్టి అత్యధిక రాబడి ఉన్న ఆస్తి దగ్గరే ఆగింది. అక్కడి నుంచి 12 శాతం అప్పుతో షేర్లు కొనే మూడో ముక్క. ఇక్కడ ఇంకో 10 శాతం రిస్క్‌కు దొరికేది ఒక్క శాతం. అప్పు వడ్డీ 14 శాతానికి చేరితే ఈ ముక్కలో రిస్క్ పెంచినా రాబడి పెరగదు.

రెండో ముక్కా మూడో ముక్కా కలిసే చోట గీత నున్నగా వంగదు, మూలలా విరుగుతుంది. దాని ఫలితం మదుపరుల తీరులో కనిపిస్తుంది. సాహసంలో ఒకరికొకరు చాలా తేడా ఉన్నవాళ్లు కూడా ఆ మూల దగ్గరే పోగవుతారు. సొంత డబ్బంతా షేర్లలో, అప్పు మాత్రం లేదు. ఆస్తులు రెండు కాకుండా యాభై ఉంటే వంపు గీత పొడవునా పాళ్లు మారే మలుపులు వస్తాయి. ప్రతి మలుపు దగ్గరా ఏదో ఒక ఆస్తి వాటా సున్నాకు పడుతుంది, లేదా కొత్త ఆస్తి లోపలికి వస్తుంది. ఆ మలుపులను ఒక్కొక్కటిగా వెతికి పట్టే పద్ధతిని మార్కోవిట్జే 1956లో ప్రచురించారు.

షార్ట్ మీద ఆంక్ష ఎప్పుడూ నష్టమేనా? కాగితం మీద నష్టమే. కానీ 9, 14 లాంటి అంకెలు నిజ జీవితంలో ఎవరికీ కచ్చితంగా తెలియవు, పాత ధరల నుంచి అంచనా వేసుకోవాల్సిందే. షార్ట్‌కు హద్దు లేకపోతే కంప్యూటర్ ఆ అంచనాల్లోని పొరపాట్ల మీదే భారీ పందేలు కాస్తుంది. ఒక షేరులో 200 శాతం, ఇంకో దాంట్లో మైనస్ 150 శాతం అని పాళ్లు వస్తే అంచనా ఎక్కడో తేడా కొట్టిందని అర్థం చేసుకోవాలి. తప్పు ఆంక్ష అనిపించేది కూడా రిస్క్ తగ్గించడానికి పనికొస్తుందని 2003లో రవి జగన్నాథన్, టోంగ్‌షు మా చూపించారు.

ఈ లెక్కకూ హద్దులున్నాయి. బంగారం, షేర్లు కలిసి పెరిగి కలిసి తగ్గుతుంటే అప్పు వడ్డీ 9కి చేరకముందే బంగారం పోర్ట్‌ఫోలియోలోంచి తప్పుకుంటుంది. ఎదురెదురుగా నడుస్తుంటే 9 దాటాక కూడా కొంత ఉంచుకోవచ్చు, అది బీమాలా పనిచేస్తుంది. మార్జిన్ అప్పుకు ఇంకో ముప్పు ఉంది. ధర పడితే బ్రోకరు అదనపు డబ్బు అడుగుతాడు, కట్టకపోతే దిగువ ధరకే అమ్మేస్తాడు. సగటు లెక్కల్లో ఈ బలవంతపు అమ్మకం కనిపించదు.

పోర్ట్‌ఫోలియో చూసుకునేవాళ్లు చేయదగ్గ పని ఒకటుంది. తమ పేరు మీద ఉన్న అప్పుల్లో అన్నిటికన్నా ఖరీదైన దాని వడ్డీ ఒక కాగితం మీద రాసుకుని, దాని పక్కన ఒక్కో ఆస్తి మీద ఆశించే రాబడి వేసుకోవాలి. అవసరానికి చేతిలో ఉంచుకున్న డబ్బునూ, బీమాలా పనికొచ్చే ఆస్తినీ మినహాయిస్తే, ఆ వడ్డీకి దిగువన ఉన్నవాటిని అమ్మి ముందు అప్పు తీర్చడమే మేలైన మదుపు.