ఇంకెన్ని పీరియడ్లు ఎగ్గొట్టవచ్చు?

మిడ్ పరీక్షలు అయిపోయి నోటీసు బోర్డుపై హాజరు జాబితా పడగానే ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒకటే లెక్కలు. ఇంటిగ్రేషన్ అంటే ఆమడ దూరం పరిగెత్తేవాడు కూడా ఆ రోజు ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరుస్తాడు. డెబ్బై ఎనిమిది శాతం ఉంది, కావాల్సింది డెబ్బై ఐదు, అంటే మూడు శాతం చేతిలో ఉందన్నమాట. ఆ మూడు శాతం ఎన్ని రోజులు? చాలామంది పొరపడేది ఇక్కడే. శాతాన్ని చూస్తూ రోజులు లెక్కపెట్టలేం. ప్రతి పీరియడ్‌కూ మొత్తం మారిపోతుంటే శాతం కూడా కదిలిపోతూ ఉంటుంది.

శాతాన్ని పక్కన పెట్టి, వెళ్లినవి ఎన్ని, మానేసినవి ఎన్ని అని రెండు అంకెలు రాసుకుంటే చాలు. నూటికి డెబ్బై ఐదు అంటే నాలుగింట మూడు. అంటే ఒక్క పీరియడ్ మానేయాలంటే మూడు పీరియడ్లకు వెళ్లి ఉండాలి. కాబట్టి మానేసినవాటిని మూడుతో హెచ్చవేసి, వెళ్లినవాటిలోంచి తీసేయండి. మిగిలినదాన్ని మూడుతో భాగిస్తే ఈ క్షణాన వరసగా ఎన్ని పీరియడ్లు మానేయవచ్చో తేలుతుంది. తీసివేతలో మైనస్ వచ్చిందా, ఆ అంకె ఎంతో అన్ని పీరియడ్లకు ఒక్కటీ తప్పకుండా వెళ్తేనే మళ్లీ డెబ్బై ఐదు దగ్గరికి చేరతారు.

మూడో సంవత్సరం చదివే ఒక అమ్మాయి లెక్క చూద్దాం. రోజుకు ఆరు పీరియడ్లు, వారానికి ఐదు రోజులు. ఇప్పటికి 312 పీరియడ్లు జరిగాయి. తను 246కు వెళ్లింది, 66 మానేసింది. శాతంలో అయితే 78.8. అరవై ఆరును మూడుతో హెచ్చవేస్తే 198. 246లోంచి 198 పోతే 48. దాన్ని మూడుతో భాగిస్తే 16. రేపటి నుంచి వరసగా పదహారు పీరియడ్లు, అంటే మూడు రోజులకు కూడా రెండు పీరియడ్లు తక్కువే, కాలేజీకి పోకుండా ఉండొచ్చు. అప్పటికి 328 జరిగితే 246 హాజరు, సరిగ్గా డెబ్బై ఐదు.

ఇంత తక్కువా అని ఆ అమ్మాయి నీరుగారిపోనక్కర్లేదు. ఇది ఈ రోజు లెక్క మాత్రమే. సెమిస్టర్ మొత్తానికి లెక్క వేరు. పదహారు వారాలు పూర్తిగా నడిస్తే 480 పీరియడ్లు అవుతాయి. అందులో నాలుగో వంతు, అంటే 120 మానేయవచ్చు. 66 వాడేసుకుంది, ఇంకా 54 మిగిలాయి. నిండుగా తొమ్మిది రోజులు! పదహారు ఎక్కడ, యాభై నాలుగు ఎక్కడ? తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటే, మిగిలిన 168 పీరియడ్లలో యాభై నాలుగు పోగా 114కు తను వెళ్తుంది. మూడుకు ఒకటి చొప్పున ఆ 114 వల్ల మరో 38 దక్కుతాయి. చేతిలో ఉన్న 16, ఆ 38 కలిస్తే 54. అంటే పదహారు తను సంపాదించుకున్నవి. ముప్పై ఎనిమిది ఇక ముందు సంపాదించాల్సినవి.

ఆ ముప్పై ఎనిమిదినీ ముందే ఖర్చు పెడితేనే చిక్కు. అక్క పెళ్లనో, ఊళ్లో జాతరనో ఆ తొమ్మిది రోజులూ ఒకేసారి వాడేసిందనుకోండి. హాజరు 366కు 246, అంటే 67 శాతం చిల్లర. పర్వాలేదు, మిగిలిన 114కూ వెళ్తే సరిపోతుందని ధీమా. కానీ ఆ 114 జరుగుతాయని హామీ ఎవరిచ్చారు? మధ్యలో ఒక బంద్, వాన సెలవులు, కాలేజీ ఫెస్ట్, సెలవు పెట్టిన లెక్చరర్. అన్నీ కలిపి ఆరు రోజులు, అంటే 36 పీరియడ్లు జరగకుండా పోతే మొత్తం 444కు తగ్గుతుంది. తను మిగిలిన 78కీ మానకుండా వెళ్లినా 324 దగ్గరే ఆగుతుంది. శాతం 73కు ఒక వెంట్రుకవాసి కింద. తను కొత్తగా ఒక్క పీరియడ్ కూడా మానలేదు, అయినా షార్టేజీ లిస్టులో పేరు. జరగని ప్రతి నాలుగు పీరియడ్లకూ మీ ఖాతాలోంచి ఒక సెలవు ఎగిరిపోతుందని గుర్తుంటే చాలు. క్లాసు రద్దయిందని చప్పట్లు కొట్టేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

అందుకే నన్నడిగితే, సెమిస్టర్ లెక్కను సగమే నమ్మాలి. మొత్తంలోంచి ఓ వారం పీరియడ్లు ముందే తీసేసి లెక్క వేసుకోవడం మేలు. ల్యాబ్ ఉన్న పూట మానేస్తే ఒక్కటి కాదు, మూడు పీరియడ్లు పోతాయి కాబట్టి, తప్పనిసరి సెలవుకు ల్యాబ్ లేని పూట చూసుకునే తెలివి కూడా పిల్లలకు ఉంది.

ఇంతవరకూ చెప్పింది అన్ని సబ్జెక్టులూ కలిపి చూసే పద్ధతి. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో డెబ్బై ఐదు అలా మొత్తం మీదే చూస్తారు. ఇక్కడ సబ్జెక్టుల శాతాల సగటు తీయకూడదు. ఒక సబ్జెక్టులో 50కి 40, అంటే 80 శాతం. ఇంకోదాంట్లో 10కి 5, అంటే 50 శాతం. సగటు తీస్తే 65 వచ్చి గుండె జారుతుంది. కలిపి చూస్తే 60కి 45, నిక్షేపంగా డెబ్బై ఐదు. సబ్జెక్టువారీగా చూసే కాలేజీల్లో మాత్రం కథ తిరగబడుతుంది. ప్రతి శుక్రవారం ఊరికెళ్లే కుర్రాడికి మొత్తం మీద 80 శాతం ఉంటుంది. కానీ మంగళ, శుక్రవారాల్లో ఒక్కో పీరియడ్ ఉన్న సబ్జెక్టులో యాభైకి పడిపోతాడు. 32 పీరియడ్ల ఆ సబ్జెక్టులో ఎనిమిదే మానేయవచ్చు. తొమ్మిదో శుక్రవారంతో గీత దాటేసినట్టే. మీ కాలేజీది ఏ పద్ధతో రెగ్యులేషన్స్ పుస్తకంలో చూసుకోండి, సీనియర్ల మాట మీద పోవద్దు.

తెర మీద కనిపించే 75ను కూడా ఓసారి అనుమానించాలి. దశాంశాలు చూపించని చోట 448కి 334 ఉన్నా 75 అనే కనిపిస్తుంది. నిజానికది 74.55. మానేసినవి 114, మూడింతలు చేస్తే 342, వెళ్లినవి 334. అంటే ఎనిమిది తక్కువ. అర శాతమేగా అనుకుంటాం గానీ, పూడ్చాలంటే వరసగా ఎనిమిది పీరియడ్లు కూర్చోవాలి. సెమిస్టర్‌లో ఇంకో ఆరే మిగిలి ఉంటే ఇక చేరే దారి లేదు.

అలా చేరలేనివాళ్ల కోసమే కండొనేషన్. జేఎన్‌టీయూలో 65కూ 75కూ మధ్య ఉన్నవాళ్లు సరైన కారణం, దానికి తగ్గ కాగితాలు చూపిస్తే కాలేజీ కమిటీ పరిశీలిస్తుంది, ఫీజు కట్టాలి. 480 పీరియడ్ల సెమిస్టర్‌లో 120 దాటి 168 దాకా మానేసినవాళ్లు ఈ కోవలోకి వస్తారు. కమిటీ ఒప్పుకోవాలన్న నియమం మాత్రం ఏమీ లేదు. 169వది మానేస్తే ఏ డాక్టర్ సర్టిఫికెట్టూ పనిచేయదు. డిటైన్ అయినట్టే, పరీక్షలు రాయనివ్వరు. ఆ సెమిస్టర్‌ను మళ్లీ జూనియర్లతో కలిసి చదవాలి.