చెట్టు గీయాలా, వద్దా?

గేట్ కంప్యూటర్ సైన్స్ పరీక్షలో 180 నిమిషాలకు 65 ప్రశ్నలు. 2013లో ఒక బైనరీ సెర్చ్ ట్రీ ప్రీఆర్డర్ వరుస ఇచ్చి, పోస్టార్డర్ ఏదో గుర్తించమన్నారు: 30, 20, 10, 15, 25, 23, 39, 35, 42.

చూడగానే చెట్టు గీయాలనిపిస్తుంది. ఇక్కడ అక్కర్లేదు. రూట్ ప్రీఆర్డర్‌లో ముందు, పోస్టార్డర్‌లో చివర వస్తుంది కాబట్టి జవాబు 30తో ముగియాలి. 30 కన్నా పెద్దవన్నీ కుడివైపువే. వాటి రూట్ 39 గనుక అవి 35, 42, 39గా మారతాయి. వాటికి సరిగ్గా ముందుండేది ఎడమ భాగపు రూట్ 20. ఇచ్చిన నాలుగు ఆప్షన్లలో 20, 35, 42, 39, 30తో ముగిసేది ఒక్కటే. మిగతా అంకెలు చూడకుండానే టిక్ పెట్టేయొచ్చు.

ఇదే ప్రశ్న యూనివర్సిటీ పరీక్షలో ‘చెట్టును నిర్మించి చూపండి’ అని వస్తే మాత్రం బొమ్మ గీయాల్సిందే. అడిగింది చెట్టునే; పోస్టార్డర్ వరుస ఒక్కటే రాస్తే సగం జవాబే అవుతుంది.