జాడీ కింద వలయం: వంటగట్టు మీద నూనె, పసుపు, నిమ్మ మరకలు

నిమ్మకాయ ఊరగాయ జాడీని వంటగట్టు మీద ఓ మూలన పెట్టి, నాలుగు రోజులాగి తీస్తే అడుగున గుండ్రంగా ఓ వలయం తేలుతుంది. జాడీ అంచు నుంచి కారిన నూనె, అందులో కరిగిన పసుపు, ఊరిన నిమ్మరసం అన్నీ అక్కడే చేరతాయి. తడిగుడ్డతో తుడిస్తే పైజిడ్డు పోతుంది గానీ వలయం కదలదు. అప్పుడు చాలామంది చేతికందిన నిమ్మచెక్కతోనో, బాత్రూమ్ కడిగే యాసిడ్‌తోనో రుద్దేస్తారు. ఇత్తడి చెంబును మెరిపించే నిమ్మచెక్క పాలరాతిని మాత్రం తినేస్తుంది. ఆ ఒక్క వలయంలో మూడు వేర్వేరు గొడవలున్నాయి, ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు.

ముందు రాయి సంగతి చూద్దాం. గ్రానైట్‌లో ఉండేవి ఎక్కువగా క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ లాంటి గట్టి ఖనిజాలు. వీటిని నిమ్మరసం, చింతపండు పులుసు అంత తేలిగ్గా ఏమీ చేయలేవు. కానీ గింజకీ గింజకీ మధ్య సన్నని సందులుంటాయి, నూనె వాటిలోకి దిగుతుంది. పాలరాయి అంతా కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి జాతి. దానిలోకి నూనె దిగడమే కాదు, పులుపు తగిలితే రాయే కరుగుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ లాంటి నల్లరాళ్ల మీద పసుపు మరక కంటికి ఆనదు. లేతరంగు గ్రానైట్, తెల్ల పాలరాయి ఉన్నవాళ్లకే ఈ తిప్పలన్నీ.

అసలు ఏమైందో తెలియాలంటే గట్టును బాగా తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, కళ్లను గట్టు మట్టానికి దించి వెలుతురుకు ఎదురుగా ఏటవాలుగా చూడాలి. మెరుపు చెదరకుండా ఆ చోటు ఎప్పుడూ తడిగా ఉన్నట్టు ముదురుగా కనిపిస్తే నూనె. పచ్చగా ఉంటే పసుపు. రంగేమీ లేకుండా చుక్క పడిన ఆకారంలో మెరుపు చచ్చి, వేలితో రాస్తే కాస్త గరుకుగా తగిలితే అది పులుపు చేసిన పని. మొదటి రెండూ రాతిలోకి వచ్చి చేరినవి, లాగేయవచ్చు. మూడోది రాతి పైపొర పోయిన చోటు. అక్కడ లాగడానికి ఏమీ ఉండదు.

నూనెను రుద్ది తీయలేం, పట్టు వేసి తీయాలి. తలనొప్పికి శొంఠి పట్టు వేసినట్టే ఇదీను. అరకప్పు వంటసోడాలో చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, కొద్దికొద్దిగా నీళ్లు చేర్చుతూ జారిపోని ముద్దలా కలపాలి. మరక మీద, దాని అంచు దాటి అంగుళం దాకా, అర సెంటీమీటరు మందాన పరవాలి. పైన పాలిథీన్ కవరు కప్పి, చుట్టూ టేపు అంటించి, సూదితో నాలుగైదు చిల్లులు పొడవాలి. ఒక రోజు అలా వదిలేసి, తర్వాత కవరు తీసి ముద్ద పూర్తిగా ఎండే దాకా ఆగాలి. మరకను లాగేది ఈ ఎండటమే. తడి పైకి ఆరిపోతుంటే దాని వెంట నూనె కూడా పైకొచ్చి పొడిలో చిక్కుకుంటుంది. తడిగా ఉండగానే ఎత్తేస్తే చేసిందంతా వృథా. ఎండిన పెళ్లను ప్లాస్టిక్ గరిటెతో గీకి, తుడిచి, ఆరాక చూడాలి. మరక పలచబడితే దారి సరైనదే, రెండోసారి, అవసరమైతే మూడోసారి వేయాలి. వంటనూనె పాతబడేకొద్దీ గాలి తగిలి చిక్కబడి బంకగా మారుతుంది కాబట్టి నెలల నాటి మరక మొండికేస్తుంది. దానికి సబ్బునీళ్లకు బదులు అసిటోన్‌తో ముద్ద కలుపుతారు. అది ఇట్టే అంటుకునే ద్రవం. స్టవ్ ఆర్పి, సిలిండర్ కట్టేసి, కిటికీలు తెరిచాకే దాని సీసా మూత తీయాలి.

పసుపులో రంగునిచ్చే కుర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే పోపులో పడిన పసుపు నూనెతో పాటే రాతిలోకి ప్రయాణం చేస్తుంది. బట్టల సబ్బు పెట్టి తోమితే పచ్చ మరక ఎర్రబారి గుండె గుభేలుమంటుంది. భయపడనక్కర్లేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడటానికి కారణమేదో ఇక్కడా అదే, సబ్బులోని క్షారం. పసుపు రంగును విరగ్గొట్టడానికి మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలిపి 3 శాతానికి తెచ్చి, వంటసోడాతో ముద్ద చేసి, చేతికి గ్లవ్స్ వేసుకుని ఇందాకటిలాగే పట్టు వేయాలి. ఇది తెల్లబరిచే మందు కాబట్టి లేతరంగు రాళ్లకే వాడాలి, అదీ స్టవ్ వెనక మూలన ఓసారి పరీక్షించాక. ఒక హెచ్చరిక: అసిటోన్, పెరాక్సైడ్ ఎప్పుడూ కలవకూడదు. రెండూ కలిస్తే పేలే పదార్థం పుట్టే ప్రమాదముంది. పెరాక్సైడ్ వాడదలిస్తే నూనెకు సబ్బుముద్దతోనే సరిపెట్టుకోవడం మంచిది.

ఇప్పుడు ఆ ఊరగాయ వలయం తెల్ల పాలరాతి మీద పడిందనుకుందాం. పని నూనెతో మొదలుపెట్టాలి, ఎందుకంటే పసుపు అందులోనే కరిగి ఉంది. మొదటి పట్టు ఎండి లేచేసరికి పొడి పచ్చగా మారి ఉంటే నూనెతో పాటు పసుపు కూడా కొంత వచ్చేసినట్టే. ముదురుదనం పోయి పచ్చదనమే మిగిలాక పెరాక్సైడ్ పట్టు వేయాలి. అదీ పోయాక ఏటవాలుగా చూస్తే, అప్పటిదాకా రంగు కింద దాగిన నిమ్మరసం గుర్తు మెరుపు లేని గీతలా బయటపడుతుంది. మందు వేసి రాయి పాడుచేసుకున్నామని ఇక్కడే చాలామంది బెంబేలెత్తుతారు. అది మొదటి నుంచీ ఉన్నదే. దానికి ఏ క్లీనరూ పనిచేయదు. పలచగా ఉంటే మార్బుల్ పాలిషింగ్ పౌడర్‌ను తడిగుడ్డతో వలయాకారంలో రుద్దితే మెరుపు కొంత తిరిగొస్తుంది. గోటికి గుంటలా తగిలేంత లోతుంటే పాలిష్ మెషీన్ ఉన్న పనివాణ్ణి పిలవాల్సిందే.

ఇకపై మరక దిగకుండా సీలర్ పూయవచ్చు. అవసరమా కాదా తెలుసుకోవడానికి శుభ్రమైన గట్టు మీద చెంచాడు నీళ్లు పోసి పావుగంట ఆగి తుడవాలి. తుడిచిన చోట ముదురు మచ్చ కనిపిస్తే రాయి పీల్చుకుంటోంది, సీలర్ వేయించుకోవాలి. అయితే లోపలికి ఇంకే సీలర్ నూనెకు, పసుపుకు దిగే దారిని మూస్తుందే తప్ప పాలరాతిని పులుపు నుంచి కాపాడదు. అక్కడ నిమ్మకాయ కోయడానికి చెక్కపీట, జాడీ కింద పళ్లెం తప్పవు.

కొత్తగా గట్టు వేయించుకునేవాళ్లు సింక్ కోసం కోసిన ముక్కను పారేయనివ్వకండి. దాని మీద ఓ పక్క నూనెచుక్క, ఓ పక్క పసుపునీళ్లు, ఇంకోపక్క నిమ్మచెక్క పెట్టి రాత్రంతా వదిలేయండి. గ్రానైట్ పేరుతో అమ్మే కొన్ని రాళ్లలో పులుపుకు కరిగేవీ ఉంటాయి, రంగు పూసి నల్లబరిచినవీ ఉంటాయి. అసిటోన్‌లో ముంచిన దూదితో నల్లరాతిని తుడిస్తే దూదికి నలుపు అంటితే అది రంగేసిన రాయి. ఈ పరీక్షలు స్లాబ్ బిగించక ముందే, షాపువాడు ఇచ్చే ముక్క మీద చేస్తే రాయి మార్చుకునే వీలుంటుంది.