బంగారంలో ఖాళీ ఎంత?

ఒక సెంటీమీటరు అంచున్న అల్యూమినియం ఘనం 2.7 గ్రాములు తూగుతుంది. అంతే కొలత ఉన్న బంగారు ఘనం 19.3 గ్రాములు తూగుతుంది. ఏడు రెట్ల తేడా చూస్తే, బంగారంలో పరమాణువులు బాగా కిక్కిరిసి ఉంటాయనీ, అల్యూమినియంలో పలచగా ఉంటాయనీ అనిపిస్తుంది. కానీ లెక్క వేస్తే ఘన సెంటీమీటరు అల్యూమినియంలోనే పరమాణువులు కొంచెం ఎక్కువని తేలుతుంది. మరి ఆ బరువు ఎక్కడిది?

ముందు పరమాణువులు ఎలా పేర్చి ఉంటాయో చూడాలి. పండ్ల బండి మీద బత్తాయిలు పేర్చే మనిషి చేతిని గమనిస్తే చాలు. అడుగు వరసలో ప్రతి కాయ చుట్టూ ఆరు కాయలు ఆనుకుని ఉంటాయి. పై వరస కాయలను అతను కాయల నెత్తిన పెట్టడు, మూడు కాయల మధ్య ఏర్పడిన గుంటలో కూర్చోబెడతాడు. కాబట్టి గుట్ట లోపలున్న కాయకు తన వరసలో ఆరు, పైన మూడు, కింద మూడు కలిపి 12 కాయలు తగులుతుంటాయి. లోహ స్ఫటికంలో ఒక పరమాణువును ఇలా ఆనుకుని ఉన్న పరమాణువుల లెక్కనే సమన్వయ సంఖ్య అంటారు. బంగారం, వెండి, రాగి, అల్యూమినియం నాలుగింటికీ అది 12.

ఒకే సైజు గుండ్లను ఇంతకన్నా దగ్గరగా పేర్చడం సాధ్యం కాదని యోహాన్నెస్ కెప్లర్ 1611లో రాశాడు. బండి మీది మనిషికి చేతివాటంగా తెలిసిన ఈ సంగతికి గణిత నిరూపణ దొరకడానికి దాదాపు 400 ఏళ్లు పట్టింది. థామస్ హేల్స్ 1998లో నిరూపణ ప్రకటించాడు. అది ఎంత పెద్దదంటే, అందులోని ప్రతి మెట్టునూ కంప్యూటరుతో సరిచూసే పని 2014లో గానీ ముగియలేదు.

ఇంత దగ్గరగా పేర్చినా గుండ్ల మధ్య సందులు మిగులుతాయి. ఎంత? స్ఫటికం అంతటినీ కొలవనక్కర్లేదు. పదే పదే తిరిగొచ్చే ఒక చిన్న డబ్బాను, అంటే యూనిట్ సెల్‌ను తీసుకుంటే సరిపోతుంది. బంగారం డబ్బా ఒక ఘనం. దాని ఎనిమిది మూలల్లో ఒక్కో పరమాణువు, ఆరు ముఖాల నడుమ ఒక్కో పరమాణువు ఉంటాయి. అందుకే దీన్ని ఫలక కేంద్రిత ఘనం అంటారు. మూలలోని పరమాణువును ఎనిమిది డబ్బాలు పంచుకుంటాయి, ముఖం మీదిదాన్ని రెండు పంచుకుంటాయి. మూలల నుంచి 8 × 1/8 = 1, ముఖాల నుంచి 6 × 1/2 = 3. ఒక డబ్బా వాటాకు వచ్చేవి 4 పరమాణువులు.

ఈ డబ్బాలో పరమాణువులు ఒకదాన్నొకటి తాకేది అంచు వెంట కాదు, ముఖం మీది కర్ణం వెంట. ఆ కర్ణం పొడవు నాలుగు వ్యాసార్ధాలు. అంచును a, వ్యాసార్ధాన్ని r అనుకుంటే √2 × a = 4r. నాలుగు గోళాల ఘనపరిమాణాన్ని డబ్బా ఘనపరిమాణంతో భాగిస్తే π/(3√2), అంటే 0.74 వస్తుంది. ఇదే ప్యాకింగ్ భిన్నం. ఈ లెక్కలో r ఎగిరిపోతుంది. కాబట్టి పరమాణువు చిన్నదైనా పెద్దదైనా, ఈ అమరిక ఉన్న ప్రతి లోహంలోనూ 74 శాతం నిండి, 26 శాతం ఖాళీగా ఉంటుంది. మేలిమి బంగారం కూడా పావు వంతుకు పైగా ఖాళీయే.

ఇక బరువు సంగతి. ఎక్స్-రే వివర్తనంతో కొలిస్తే బంగారం డబ్బా అంచు 407.8 పికోమీటర్లు, అంటే 4.078 × 10⁻⁸ సెంటీమీటర్లు. దాని ఘనపరిమాణం 6.782 × 10⁻²³ ఘన సెంటీమీటర్లు. బంగారం మోలార్ ద్రవ్యరాశి 196.97 గ్రాములు. అవొగాడ్రో సంఖ్య 6.022 × 10²³. నాలుగు పరమాణువుల బరువు ఇలా వస్తుంది:

4 × 196.97 ÷ (6.022 × 10²³) = 1.308 × 10⁻²¹ గ్రాములు

దీన్ని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత 19.29. ఎక్స్-రేలతో కంటికి కనపడని ఒక డబ్బాను కొలిచి వేసిన లెక్క, త్రాసు మీద తూచి చెప్పే 19.3తో ఇంత చక్కగా సరిపోవడం చూస్తే ఎన్నిసార్లయినా ముచ్చటేస్తుంది.

విద్యార్థులు ఇక్కడ ఎక్కువగా రెండు చోట్ల తప్పుతారు. పంపకం మరిచిపోయి బొమ్మలో కనిపించే 14 పరమాణువులనూ లెక్కలో వేస్తే సాంద్రత 67.5 వస్తుంది. మూలకాలన్నిటిలో బరువైన ఆస్మియం సాంద్రతే 22.6, కాబట్టి ఈ తప్పు వెంటనే దొరికిపోతుంది. రెండోది, అంచు వెంటే పరమాణువులు తాకుతాయనుకుని a = 2r అని వేయడం. అప్పుడు ప్యాకింగ్ భిన్నం 2.09 వస్తుంది. డబ్బా కన్నా అందులోని సరుకు రెట్టింపు ఉండదు గదా!

ఇప్పుడు అల్యూమినియం. దాని అమరిక అదే, డబ్బాలో పరమాణువులు అవే నాలుగు. అంచు 405 పికోమీటర్లు, అంటే బంగారం డబ్బా కన్నా కాస్త చిన్నది. అందుకే ఘన సెంటీమీటరులో అల్యూమినియం పరమాణువులు 2 శాతం ఎక్కువ. కానీ ఒక్కో పరమాణువు బరువు చూస్తే, బంగారానిది 196.97 అయితే అల్యూమినియానిది 26.98. 7.3 రెట్ల తేడా. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే: బరువు కూర్పులో లేదు, కేంద్రకంలో ఉంది.

టంగ్‌స్టన్ ఈ మాటను మరో వైపు నుంచి రుజువు చేస్తుంది. దానిది అంతఃకేంద్రిత ఘనం. మూలల్లోని ఎనిమిదితో పాటు డబ్బా నడుమ ఒక పరమాణువు ఉంటుంది కాబట్టి లెక్కకు వచ్చేవి 2. సమన్వయ సంఖ్య 8, ప్యాకింగ్ భిన్నం 0.68. బంగారం కన్నా వదులైన కూర్పు. అయినా దాని పరమాణువులు చిన్నవి, డబ్బా అంచు 316.5 పికోమీటర్లే. అందుకని ఘన సెంటీమీటరులో బంగారం కన్నా 7 శాతం ఎక్కువ పరమాణువులు పడతాయి. ఒక్కో పరమాణువు బరువు మాత్రం 7 శాతం తక్కువ, 183.84. ఈ ఎక్కువా ఆ తక్కువా కొట్టుకుపోయి సాంద్రత 19.26 దగ్గర తేలుతుంది.

ఈ కాకతాళీయం బంగారం కొనేవాళ్లకు ప్రమాదం. 10 గ్రాముల మేలిమి బంగారాన్ని నీటిలో ముంచి తూస్తే 0.518 గ్రాముల బరువు తగ్గుతుంది. రాగో వెండో కలిసిన 22 క్యారెట్ల బంగారమైతే 0.55 నుంచి 0.57 దాకా తగ్గుతుంది. ఆ కల్తీని మంచి త్రాసు పట్టేస్తుంది. లోపల టంగ్‌స్టన్ పెట్టి పైన బంగారం పొదిగితే మాత్రం తగ్గేది దాదాపు 0.519. తేడా ఒక్క మిల్లీగ్రాము. ఎక్స్-రే ఫ్లోరసెన్స్ యంత్రం పైపొరలోని కొన్ని మైక్రాన్ల లోతు వరకే చూస్తుంది కాబట్టి పొదుగు మందంగా ఉంటే అదీ మోసపోతుంది. అలాంటి కడ్డీని అల్ట్రాసౌండుతో పరీక్షించాలి. బంగారంలో ధ్వని సెకనుకు 3,240 మీటర్లు పోతే, టంగ్‌స్టన్‌లో 5,220 మీటర్లు పోతుంది.